విషయం: నాణ్యత, కొనుగోళ్ల అధికారి ఉద్యోగ ఇంటర్వ్యూ – కృతజ్ఞతలు

గౌరవనీయులైన చైర్మన్ గారికి, ఇంటర్వ్యూ బోర్డు సభ్యులకు,

నమస్కారం.

నిన్న అనంతపురంలోని మీ రైతుల సంఘం కార్యాలయంలో నన్ను ఇంటర్వ్యూ చేసినందుకు, నేను చెప్పినవన్నీ ఓపికగా విన్నందుకు మీ అందరికీ హృదయపూర్వక కృతజ్ఞతలు. ఇంటర్వ్యూ తర్వాత మీ గిడ్డంగిని కూడా చూపించడం వల్ల ఈ ఉద్యోగంలో రోజువారీ పని ఎలా ఉంటుందో నాకు స్పష్టంగా అర్థమైంది.

తేమ ఎక్కువగా ఉన్న వేరుశనగను సంఘం సభ్యుడే తెస్తే ఏం చేస్తారని మేడమ్ గారు అడిగారు. ఈ ఉద్యోగానికి అదే అసలైన ప్రశ్న అని నాకు అనిపించింది కనుక, సమయాభావం వల్ల అక్కడ క్లుప్తంగా చెప్పిన సమాధానాన్ని ఇక్కడ కొంచెం వివరంగా రాస్తున్నాను. కాయల్లో తేమ 9 శాతం మించితే నిల్వలో బూజు పట్టి అఫ్లాటాక్సిన్ చేరే ప్రమాదం పెరుగుతుంది. ఐరోపా దేశాలు నేరుగా తినే వేరుశనగలో ఈ విషపదార్థం మొత్తం కిలోకు 4 మైక్రోగ్రాములు మించకూడదని నియమం పెట్టుకున్నాయి. కాబట్టి ఎగుమతిదారులకు నేరుగా అమ్మాలన్న మీ ఆలోచన నెరవేరాలంటే, ఒక్క తడి బస్తాను కూడా మంచి సరుకులో కలవనివ్వకూడదు. అలాగని రైతును గేటు దగ్గరి నుంచే వెనక్కి పంపితే, ఆయన అదే సరుకును దళారికి తెగనమ్ముకుంటాడు. అందుకే బస్తా పైనా, మధ్యా, అడుగునా నమూనాలు తీసి, రైతు కళ్లెదుటే తేమ మీటరులో చూపించి, ఆరబెట్టుకోవడానికి సంఘం కల్లంలోనే చోటు ఇచ్చి, ఆరిన తర్వాత మంచి సరుకుకు ఇచ్చే ధరకే కొనాలన్నది నా అభిప్రాయం. కొలత తన ముందే జరిగితే రైతు వాదనకు దిగడు, మరుసటి కోతకు తానే జాగ్రత్త పడతాడు.

ప్రస్తుతం నేను పనిచేస్తున్న నూనె మిల్లులో సరుకు దిగుమతి, నమూనాల పరీక్ష, తూకం, గ్రేడింగు నా బాధ్యతలే. లొట్ట కాయలు, మట్టి, రాళ్లు ఎంత శాతం ఉన్నాయో, కాయలు ఒలిస్తే పప్పు ఎంత దిగుతుందో చూసి ధర నిర్ణయించడం నాకు అలవాటైన పని. మాది కళ్యాణదుర్గం వైపు వర్షాధారపు వేరుశనగ పండించే కుటుంబం. అందువల్ల కాయ ఊరే దశలో వాన తప్పితే గింజ ఎలా గిడసబారుతుందో, అలాంటి పంటను అమ్మకానికి తెచ్చిన రైతు మాట ఎంత నొప్పితో ఉంటుందో నాకు తెలుసు. మిల్లు తరఫున నేర్చుకున్న ఈ పనిని రైతుల సంఘం తరఫున చేయాలని మనస్ఫూర్తిగా కోరుకుంటున్నాను.

మీరు అడిగిన అనుభవ ధ్రువపత్రాన్ని ఈ మెయిలుకు జతచేశాను. మిల్లులో నోటీసు గడువు ఒక నెల. ఎంపికైతే ఖరీఫ్ కొనుగోళ్లు మొదలయ్యే నాటికి విధుల్లో చేరగలను. మరే వివరం కావాలన్నా దరఖాస్తులో ఇచ్చిన నంబరుకు ఫోను చేయగలరని మనవి.

ఇట్లు,
భవదీయుడు,
రామాంజనేయులు
అనంతపురం