నిఘంటువు ప్రతిలో పేజీల లోపం, బైండింగు లోపం గురించి ఫిర్యాదు

తెనాలి,
19 జనవరి 2026.

మేనేజర్, అమ్మకాల విభాగం,
ప్రచురణ సంస్థ కార్యాలయం,
విజయవాడ.

విషయం: తెలుగు–తెలుగు నిఘంటువు, రెండో ముద్రణ (నవంబరు 2025), గట్టి అట్ట, వెల రూ. 750. 24 పేజీలు లేకపోవడం, బైండింగు ఊడిపోవడం. ప్రతి మార్పిడి లేదా డబ్బు వాపసు కోరుతూ.
ఆర్డరు నంబరు 48213, తేదీ 2 జనవరి 2026. పార్సెలు అందింది 9 జనవరి.

అయ్యా,

మీ వెబ్‌సైటులో రూ. 750 వెలకు, రూ. 60 పోస్టు ఖర్చు అదనంగా కట్టి కొన్న నిఘంటువు ప్రతిలో ఉన్న లోపాలను కింద వివరంగా రాస్తున్నాను. పార్సెలు పెట్టె ఎక్కడా నలగలేదు, లోపలి ప్లాస్టిక్ కవరు చిరగలేదు, పుస్తకం మూలలు కూడా వంగలేదు. కాబట్టి ఇవి దారిలో తగిలిన దెబ్బలు కావు, ప్రెస్సులోనూ బైండింగులోనూ జరిగినవే.

ముందు పేజీల సంగతి. ఈ పుస్తకం 16 పేజీల ఫారాలుగా, అంటే అచ్చు వేసి మడత పెట్టిన పెద్ద షీట్లుగా తయారైంది. ప్రతి ఫారం మొదటి పేజీ అడుగున ఎడమ మూల చిన్న అంకెలో ఫారం నంబరు వేశారు, అందువల్ల చూసుకోవడం తేలికే. 193వ పేజీ అడుగున 13 ఉంది. 208 దాకా అంతా సక్రమంగానే నడిచింది. ఆ తర్వాత 209 రావలసిన చోట మళ్లీ 193 వచ్చింది, అడుగున మళ్లీ 13. ఆ రెండో 13 కూడా 208తో ముగిసి, వెంటనే 225వ పేజీ, 15వ ఫారం మొదలైంది. అంటే 209 నుంచి 224 దాకా ఉండవలసిన 14వ ఫారం ఈ ప్రతిలో లేనే లేదు. 208వ పేజీ ‘కలప’ దగ్గర ఆగుతుంది, 225వ పేజీ ‘కాడి’తో మొదలవుతుంది. కల్యాణం, కవి, కళ, కాగితం, కాటుక వగైరా మాటలన్నీ ఆ మధ్యలోనే పోయాయి.

ఇది ఎలా జరిగి ఉంటుందో మీ బైండింగు వారికి తెలియనిది కాదు. ఫారాలు వరసగా ఏరేటప్పుడు 14 పెట్టవలసిన గడిలో 13వ ఫారం దొంతర పడింది. ఒక ఫారం పోయి ఇంకొకటి రెండుసార్లు వచ్చింది కాబట్టి పుస్తకం మందం మారదు, తూకమూ మారదు. చేత్తో పట్టుకుని చూసినా, కాటా మీద పెట్టినా ఈ తప్పు దొరకదు. దొరికేది వెన్ను మీద మెట్లు మెట్లుగా దిగే నల్ల గుర్తుల వరసలోనే, అదీ ఫారాలు ఏరిన వెంటనే చూస్తే. మిషను వెన్నును అరగదీశాక ఆ గుర్తులూ పోతాయి. మీ దగ్గర ఆ దశలో ఎవరూ చూడలేదని ఈ ప్రతే చెబుతోంది. ఇంకో మాట: గడిలో దొంతర తప్పు పడితే ఆ దొంతర అయిపోయేదాకా ప్రతి పుస్తకమూ ఇలాగే తయారవుతుంది. ఈ ఒక్క ప్రతే ఇలా ఉందని నేను నమ్మలేను.

రెండోది 29వ ఫారం, 449 నుంచి 464 దాకా. ఇందులో 450, 451, 454, 455, 458, 459, 462, 463 పేజీలు పూర్తిగా తెల్లగా ఉన్నాయి. మిగతా ఎనిమిది చక్కగా అచ్చయ్యాయి. ఈ అంకెల వరస చూస్తేనే కారణం తెలుస్తుంది, ఇవి ఒకే షీటుకు ఒకే వైపున పడే ఎనిమిది పేజీలు. ఒక వైపు అచ్చయ్యాక రెండో వైపు వేసేటప్పుడు రెండు షీట్లు అతుక్కుని ఒక్కటిగా మిషనులోకి పోయి ఉంటాయి, వాటిలో ఒకటి తెల్లగా మిగిలి మడతకు వచ్చింది. చదివేవారికి దీనివల్ల పేజీలు పోవడం కన్నా చికాకు ఎక్కువ. 449 చివర ‘పుట్టు’ క్రియకు మూడో అర్థం మధ్యలో వాక్యం తెగుతుంది, రెండు తెల్ల పేజీలు దాటాక 452 ఇంకేదో మాట ఉదాహరణ పద్యం సగంలోంచి మొదలవుతుంది. మొత్తం మీద 624 పేజీల పుస్తకంలో 24 పేజీల విషయం నాకు చేరలేదు.

ఇక బైండింగు. పేజీల లోపం కొన్ని ప్రతుల్లో పొరపాటున రావచ్చు. బైండింగు విషయం అలా కాదు, ఇది ముద్రణ మొత్తానికి తీసుకున్న నిర్ణయంలా కనిపిస్తోంది. వెబ్‌సైటులోనూ, పుస్తకం వెనక అట్ట మీదా ‘కుట్టు బైండింగు, గట్టి అట్ట’ అని రాశారు. గట్టి అట్ట ఉన్న మాట నిజం. కుట్టు మాత్రం ఎక్కడా లేదు. కుట్టిన పుస్తకంలో ప్రతి ఫారం నడిమి పేజీలు తెరిస్తే, అంటే ఇందులో 8–9, 24–25, 40–41 ఇలా ప్రతి పదహారింటికి ఒకసారి, మడతలో దారం కనబడాలి. నేను అన్ని ఫారాలూ తెరిచి చూశాను. దారపు పోగు ఒక్కటైనా లేదు. ఫారాల మడతలను మిషను మీద అరగదీసి, వెన్నుకు వేడి గమ్ము పూసి, పైన గట్టి అట్ట తగిలించారు. ఈ పద్ధతి నవలలకూ పత్రికలకూ సరిపోతుంది. రోజూ నాలుగైదుసార్లు తెరిచి బల్ల మీద పరిచి చూసుకునే నిఘంటువుకు సరిపోదు. పైగా చెప్పింది ఒకటి, ఇచ్చింది ఇంకొకటి.

ఆ గమ్ము పని కూడా సరిగా చేయలేదు. పుస్తకం అందిన మూడో రోజుకే 20, 21 ఫారాలు, అంటే 305 నుంచి 336 దాకా ఉన్న 16 ఆకులూ ఊడి వచ్చాయి. అందులో 311–314, 327–330 విడివిడి ఆకులుగా రాలేదు, మడత మడతతోనే చేతిలోకి వచ్చాయి. ఆ మడత అంచు నున్నగా, తెల్లగా ఉంది, గమ్ము మరక కూడా లేదు. మిషను బ్లేడు ఆ మడతను తాకనే లేదన్నమాట. బ్లేడు తాకకపోతే లోపలి ఆకులకు గమ్ము అందదు. ఈ రెండు ఫారాలకే ఇలా ఎందుకయిందో మార్జిన్లు చూస్తే తెలుస్తుంది. మిగతా పేజీల్లో పేజీ నంబరుకూ బయటి అంచుకూ మధ్య 12 మిల్లీమీటర్లు ఉంటే, ఈ 32 పేజీల్లో 10 మాత్రమే ఉంది. ఫారాల దొంతరను వెన్ను వైపు తట్టి సమం చేయకుండానే క్లాంపులో బిగించారు, ఈ రెండూ 2 మిల్లీమీటర్లు లోపలికి జరిగి ఉండిపోయాయి. మిగిలిన ఫారాల దగ్గర వెన్నులో గమ్ము పల్చగా, పొరగా కనిపిస్తోంది, గోటితో గీస్తే పెళ్లలుగా లేస్తోంది. అవీ ఎక్కువ రోజులు నిలవవు.

ముందు అట్ట దగ్గర లోపలి కాగితం కీలు వెంట పైనుంచి నాలుగు అంగుళాల దాకా చిరిగింది. అక్కడ తొంగి చూస్తే వెన్ను మీద వేయవలసిన జాలీ గుడ్డ లేదు. 70 జీఎస్‌ఎం కాగితం మీద ఈ సైజులో ఇన్ని పేజీలంటే అట్టలు కాక లోపలి పేజీల దిండే 650 గ్రాముల పైన తూగుతుంది. అంత బరువును రెండు కాగితాల మీద వేలాడదీస్తే చిరగక ఏమవుతుంది?

ఇంకొకటి కూడా మీ దృష్టికి తేవాలి. పేజీల అమరిక కుట్టు బైండింగుకు తగ్గట్టు వేసినట్టుంది. తర్వాత వెన్ను అరగదీయడంతో లోపలి మార్జినులో సుమారు 2 మిల్లీమీటర్లు పోయాయి. రెండు కాలమ్‌ల నిఘంటువులో కుడి చేతి పేజీకి ఎడమ కాలమ్ వెన్నును ఆనుకుని ఉంటుంది. వెతుక్కునే మాటల మొదటి అక్షరాలు సరిగ్గా అక్కడే ఉంటాయి. వాటిని చదవాలంటే పుస్తకాన్ని విరిచి పట్టాలి, విరిస్తే గమ్ము పగులుతుంది. ‘మీరు పుస్తకాన్ని గట్టిగా తెరిచి ఉంటారు’ అనే జవాబు వస్తుందేమోనని ఇది ముందే రాస్తున్నాను.

జనవరి 12న మీ కార్యాలయానికి ఫోను చేస్తే, లేని పేజీల జెరాక్సులు పోస్టులో పంపుతామని అక్కడి ఉద్యోగి మర్యాదగానే చెప్పారు. దానికి నేను ఒప్పుకోలేను. కుట్టిన పుస్తకమైతే దారం విప్పి అసలు ఫారం చేర్చి మళ్లీ కుట్టవచ్చు. ఈ ప్రతిలో విప్పడానికి దారమే లేదు. విడి కాగితాలు మధ్యలో దోపితే ఉన్న గమ్ము కూడా వదులవుతుంది. ఊడిన ఆకులను ఇక్కడ అతికించుకుంటే ఖర్చు ఇస్తామన్న మాటకూ ఇదే జవాబు.

నేను కోరేది ఇది. వెన్ను కుట్టి, అన్ని ఫారాలూ సరిచూసిన ప్రతి ఒకటి మీ ఖర్చుతో పంపండి. పంపే ముందు 208 తర్వాత 209 ఉందో లేదో, 450 నుంచి 463 దాకా తెల్ల పేజీలు ఉన్నాయో లేదో, 24–25 మధ్య దారం ఉందో లేదో ఒకరు తెరిచి చూడాలి. రెండు నిమిషాల పని. లోపం ఉన్న ప్రతిని అదే కొరియరు మనిషికి అప్పగిస్తాను, వెనక్కి పంపే ఖర్చు నా మీద వేయవద్దు. ఈ ముద్రణలో కుట్టు వేసిన ప్రతులే లేకపోతే ఆ మాట సూటిగా చెప్పి, వెల రూ. 750, పోస్టు ఖర్చు రూ. 60 కలిపి రూ. 810 నేను కట్టిన ఖాతాకే వాపసు చేయండి. గమ్ము పెట్టిన ఇంకో ప్రతి పంపితే తీసుకోను. నాకు ఏం చేసినా సరే, గోదాములో ఉన్న ప్రతులు కూడా చూడండి, వెబ్‌సైటులో ‘కుట్టు బైండింగు’ అన్న మాట దిద్దండి.

వినియోగదారుల రక్షణ చట్టం 2019 సెక్షన్ 2(47) ప్రకారం, లోపం ఉన్న వస్తువును బిల్లులో రాసిన గడువులో, గడువు రాయకపోతే 30 రోజుల్లో వెనక్కి తీసుకోకపోవడం, డబ్బు ఇవ్వకపోవడం అనుచిత వ్యాపార పద్ధతి కిందికి వస్తుంది. మీ బిల్లు మీద గడువేదీ లేదు. ఆన్‌లైనులో అమ్మేవారు ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో తెలపాలని, నెలలోపు పరిష్కరించాలని 2020 నాటి ఈ-కామర్స్ నియమాలు కూడా చెబుతున్నాయి. ఫిబ్రవరి 18 లోపు పరిష్కారం కాకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైను 1915లో నమోదు చేసి, నేను ఉండే జిల్లా కమిషనులోనే ఫిర్యాదు వేస్తాను. ఈ మొత్తానికి అక్కడ రుసుము కూడా లేదు. అంత దూరం పోకుండానే తేల్చేస్తారని అనుకుంటున్నాను.

ఈ ఉత్తరం స్పీడు పోస్టులో పంపుతున్నాను, నకలు మీ ఈమెయిలుకు కూడా పంపాను. రెండో 13వ ఫారం, 450–451 తెల్ల పేజీలు, మడతతో ఊడిన 311–314, చిరిగిన కీలు, వెనక అట్ట మీది ప్రకటన ఫొటోలు, బిల్లు నకలు జతచేశాను. ఊడిన ఆకులను విడిగా కవరులో దాచి ఉంచాను, మీ మనిషి వస్తే పుస్తకంతో పాటు ఇస్తాను. సాయంత్రం ఐదు తర్వాత ఆర్డరులో ఇచ్చిన ఫోను నంబరులో దొరుకుతాను.

ఇట్లు,
భవదీయుడు,
పి. వెంకటరమణ
తెనాలి