ఎడిసన్‌లోని తెలుగు కుటుంబాలకు మా ఫుడ్ ప్యాంట్రీ విన్నపం

పెద్దలకు, సోదరీ సోదరులకు నమస్కారం.

ప్రతి శనివారం మేము ఉచితంగా సరుకులు అందించే ప్యాంట్రీకి ఈమధ్య ఉద్యోగాలు పోయిన కుటుంబాలు, పిల్లల దగ్గర ఉంటున్న వృద్ధులు కూడా వస్తున్నారు. వారిలో శాకాహారులు చికెన్ సూప్ డబ్బాలను తిరిగి బల్లమీద పెట్టి, మరేదైనా ఉందా అని అడగడానికి మొహమాటపడి వెళ్లిపోతున్నారు. అందువల్ల డిసెంబరు నుంచి మార్చి వరకు 40 కుటుంబాలకు నెలనెలా 10 పౌండ్ల బియ్యం, 4 పౌండ్ల కందిపప్పు, ఒక నూనె సీసా ఇవ్వాలని సంకల్పించాం. కుటుంబానికి నెలకు సుమారు 30 డాలర్ల చొప్పున మొత్తం 4,800 డాలర్లు కావాలి.

వీలున్నవారు తమకు తోచినంత ఇస్తే కృతజ్ఞులం. స్వదేశంలోని తల్లిదండ్రులకు డబ్బు పంపుతూ, ఇక్కడ అద్దె కట్టుకుంటున్నవారి బాధ్యతలు మాకు తెలియనివి కావు కనుక, ఎవరెంత ఇచ్చారో సభల్లో చదవం, ఇవ్వనివారికి ఫోన్ చేసి గుర్తుచేయం. సీలు తీయని పప్పు సంచి తెచ్చినా, ఒక శనివారం సరుకులు సర్దిపెట్టినా మాకు సాయమే. 250 డాలర్లు, అంతకు మించి ఇచ్చినవారికి పన్ను లెక్కలకు కావలసిన రాతపూర్వక రసీదు మేమే పంపుతాం.

చెక్కులు, సరుకులు శనివారం ఉదయం 9 నుంచి 12 వరకు ప్యాంట్రీలో తీసుకుంటాం. మీ ఇంట్లోనే అవసరం ఉంటే అదే వేళకు రండి. కారణం ఎవరూ అడగరు.

ఇట్లు,
ప్యాంట్రీ స్వచ్ఛంద కార్యకర్తలు