ఫిజియోథెరపీ పురోగతి నివేదిక – అదనపు సెషన్ల అనుమతి కోసం

పలాస, 30-8-2025
క్లెయిమ్స్ వైద్యాధికారి గారికి,

రోగి: 46 ఏళ్ల మహిళ, జీడిపప్పు కార్మికురాలు. కుడి భుజం ఎముక పైభాగం విరగడంతో 10-6-2025న ప్లేటు వేశారు. సర్జన్ సిఫార్సుపై 21-7-2025 నుంచి వారానికి రెండు చొప్పున మీరు అనుమతించిన 12 సెషన్లూ పూర్తయ్యాయి.

మొదటి రోజున, మళ్లీ 29-8-2025న గోనియోమీటర్‌తో తీసిన కొలతలు: చేయి ముందుకు ఎత్తడం 70 నుంచి 125 డిగ్రీలు, పక్కకు 60 నుంచి 105, బయటకు తిప్పడం 10 నుంచి 30. కదిలించినప్పుడు నొప్పి పదికి 7 నుంచి 3. కుడి చేతి పట్టు 9 నుంచి 17 కిలోలు (ఎడమ 22). స్పాడీ స్కోరు 74 నుంచి 38.

ఇప్పుడు తనే జడ వేసుకుంటోంది. మొదటి వారం దువ్వెన తలదాకా వెళ్లేది కాదు.

ఇక్కడితో ఆపడం సరికాదని నా అభిప్రాయం. నేను పట్టుకుని ఎత్తితే చేయి 145 డిగ్రీలు వెళ్తోంది, తనంతట తాను 125 దగ్గరే ఆగుతోంది. ఆ 20 డిగ్రీల తేడా ప్రధానంగా కండబలం లోటే. ఆమె పనిలో పప్పు ట్రేలు భుజం ఎత్తు అరల్లో పెట్టాలి. ప్రస్తుతం 2 కిలోలకే భుజం చెవివైపు లేచిపోతోంది. ఇంటి వ్యాయామాలు క్రమం తప్పక చేస్తోంది, కానీ ఈ తప్పుడు కదలికను పక్కనుండి సరిదిద్దాలి.

కోరేది 10 సెషన్లు: నాలుగు వారాలు వారానికి రెండు, తర్వాత రెండు వారాలు ఒక్కొక్కటి. లక్ష్యం 150 డిగ్రీలు, 5 కిలోల ట్రే. ఐదో సెషన్‌లో మళ్లీ కొలిచి పంపుతాను. మార్పు లేకపోతే మిగతావి అడగను.

చికిత్స చేసిన ఫిజియోథెరపిస్టు