పది పైసల కింద

సరళ మొదట లెక్క వేసింది 47వ నంబరు సభ్యుడి వరస. జూన్ 3, ఉదయం పూట. గేదె పాలు 3.4 లీటర్లు, వెన్న 6.8 శాతం. లీటరుకి 1.03 కిలోలు, కిలో వెన్నకి 760 రూపాయలు. కాలిక్యులేటర్‌లో 180.98 వచ్చింది. లెడ్జర్‌లో 180.90 ఉంది.

పాల సొసైటీ ఆడిట్‌లో ఎనిమిది పైసల దగ్గర ఎవరూ ఆగరు. ఆమె కూడా ఆగలేదు. తర్వాతిది 4.1 లీటర్లు, 6.5 శాతం: 208.62 రావాలి, 208.60 వేశారు. ఆ తర్వాత 2.6 లీటర్లు, 7.1 శాతం: 144.50, సరిపోయింది. నమూనాకి తీసిన పాతిక వరసలూ అయ్యేసరికి మూడు చోట్ల సరిపోయింది, ఇరవై రెండు చోట్ల తగ్గింది. పెరిగినది ఒక్కటీ లేదు.

పెన్సిల్ పక్కన పెట్టింది. దగ్గరి పది పైసలకి సవరిస్తే ఒకరికి రెండు పైసలు పోతే ఇంకొకరికి రెండు కలవాలి. 180.98 అయితే 181 కావాలి. ఇక్కడ అదీ కిందికే దిగింది.

"సాఫ్ట్‌వేర్ అంతే మేడమ్, చిల్లర ఇబ్బందని పైసలు కొట్టేస్తుంది" అన్నాడు సెక్రటరీ.

"డబ్బు బ్యాంకు ఖాతాల్లో పడుతున్నప్పుడు చిల్లర ఇబ్బంది ఏముంది సెక్రటరీ గారూ?"

ఏడాది బిల్లులన్నీ ల్యాప్‌టాప్‌లోకి తీసుకుంది. 2023-24లో రెండు పూటలవీ కలిపి 1,86,420 వరసలు. లీటర్లు, వెన్న, రేటు, చెల్లించిన మొత్తం వరుసగా C, D, E, F. పక్క కాలమ్‌లో ఒక్క లెక్క:

```
=ROUND(C2*1.03*D2/100*E2,2)-F2
```

కింది దాకా లాగితే ఒక్కదానికీ మైనస్ గుర్తు రాలేదు. మొత్తం 8,391.36. పైసల స్థానంలో 0 నుంచి 9 దాకా అంకెలు ఇంచుమించు సమానంగా వస్తాయి. వచ్చిన ప్రతిసారీ కొట్టేస్తే సగటున నాలుగున్నర పైసలు మిగలాలి. 1,86,420ని నాలుగున్నర పైసలతో హెచ్చవేస్తే 8,388.90. రెండున్నర రూపాయల దూరంలో ఉంది, అంటే ఇది టైపింగ్ పొరపాటు కాదు. ఎవరో ఒక్కసారి చెప్పి వదిలేసిన ఆజ్ఞ.

మరి ఆ డబ్బేదీ? రైతులకి తగ్గినది ఎక్కడో ఒకచోట తేలాలి. తేలలేదు. ట్రయల్ బ్యాలెన్స్ పైసాతో సహా కలిసింది. సరళకి అనుమానం బలపడింది అక్కడే. పదిహేను రోజుల చెల్లింపుల జాబితా విడిగా తెరిచి, లీటర్ల కాలమ్‌లో సున్నా, మొత్తంలో మాత్రం అంకె ఉన్న వరసలు వెతికింది. ఇరవై నాలుగు దొరికాయి, పదిహేను రోజుల బిల్లుకి ఒకటి చొప్పున, అన్నీ 313వ నంబరు మీదే. సొసైటీలో ఉన్నది 312 మంది.

ఇరవై నాలుగూ కూడింది. 8,391.36.

సెక్రటరీ కాసేపు మాట్లాడలేదు. తర్వాత లేచి, ఒక ఫైలు తెచ్చి ముందు పెట్టాడు. "దొంగతనం కాదు మేడమ్. క్యాన్లు కడిగే మనిషికి జీతం ఇవ్వడానికి కమిటీ ఒప్పుకోలేదు. రైతుకి పూటకి నాలుగు పైసలు పోతే తెలుస్తుందా? ఆవిడ పొట్ట నిండుతుంది. చూడండి, అన్నిటికీ వేలిముద్రలున్నాయి."

ఉన్నాయి. ఊదారంగు ఇంకు, కుడి అంచున, ఒక్కటీ తప్పలేదు. సరళ రెండో వోచర్ దగ్గర ఆగింది: రూ. 348.92, నగదు.

"తొంభై రెండు పైసలు ఏ నాణేలతో ఇచ్చారు?"

పావలా 2011లోనే రద్దయింది. ఇప్పుడు చెల్లే వాటిలో అన్నిటికంటే చిన్నది అర్ధరూపాయి.

నాగమ్మ వెనక వసారాలో నలభై లీటర్ల క్యాన్‌లో భుజం దాకా చెయ్యి పెట్టి తోముతోంది. సోడా నీళ్ళకి వేళ్ళ చర్మం తెల్లగా ఉబ్బింది.

"నాగమ్మా, పదిహేను రోజులకి నీకెంతిస్తారు?"

"మూడొందలమ్మా."

"ఎప్పుడూ మూడొందలేనా?"

"ఒకసారి నోటు చినిగిందని మార్చిచ్చారు. అంతే."

"ఎన్నాళ్ళ నుంచి?"

"మా చిన్నోడు ఒకటో తరగతిలో చేరిన ఏటి నుంచి. ఇప్పుడు తొమ్మిది చదువుతున్నాడు." చెయ్యి క్యాన్‌లోంచి బయటికి తీసింది. "ఏమమ్మా, ఆపేస్తారా?"

సరళ జవాబు చెప్పకుండా లోపలికి వచ్చి రాయడం మొదలుపెట్టింది. తీర్మానం లేకుండా సభ్యుల నుంచి తగ్గించినది రూ. 8,391.36, నంబరువారీగా తిరిగి జమచేయాలి. అందులో రూ. 7,200 ముట్టినట్టు పనిమనిషి చెప్పింది, మిగతా రూ. 1,191.36కి సెక్రటరీ జవాబు చెప్పాలి. మూడో పేరా దగ్గర కలం కాస్త ఆగింది: క్యాన్ల శుభ్రతకి కూలీ సొసైటీ ఖర్చుల ఖాతాలోంచి ఇచ్చేలా కమిటీ వెంటనే తీర్మానం చేయాలి, అంతవరకు చెల్లింపు ఆపరాదు.

"వెనకటి బిల్లులు కూడా కావాలి. నాగమ్మ పనిలో చేరిన ఏటి నుంచి."

సెక్రటరీ చొక్కా జేబు తడిమాడు, తర్వాత ప్యాంటు జేబు, మళ్ళీ చొక్కా జేబు. బీరువా తాళంచెవి బీరువాకే వేలాడుతోంది.