పైపు వెల్డర్, టిగ్ - ఆర్క్, 6జి: విదేశీ ఉద్యోగానికి ప్రొఫైల్

కోరుతున్న పని: రిఫైనరీ, పెట్రోకెమికల్, పవర్ ప్లాంటుల్లో ప్రెజర్ పైపింగ్ వెల్డర్. 2 ఏళ్ళ కాంట్రాక్టు కావాలి. షట్‌డౌన్ పని అయితే 2, 3 నెలలకైనా వస్తాను. వయసు 34. పాస్‌పోర్టుకు ఇంకా 6 ఏళ్ళ గడువుంది. ఇప్పటి కంపెనీకి 30 రోజుల నోటీసు ఇవ్వాలి.

అనుభవం

మొత్తం 11 ఏళ్ళు. అందులో మొదటి 2 ఏళ్ళు ఫిట్టర్ దగ్గర హెల్పర్‌ని, కాబట్టి వెల్డర్‌గా 9 ఏళ్ళే లెక్కేసుకోండి. 3 ఏళ్ళు షాపులో స్పూల్స్, 4 ఏళ్ళు రిఫైనరీ సైటు, 2 ఏళ్ళు పవర్ ప్లాంటు. ఆ హెల్పర్ రోజుల వల్లే ఫిట్-అప్ నేనే చూసుకోగలను: బెవెల్ 37.5 డిగ్రీలు, రూట్ ఫేస్ 1 నుంచి 1.5 మి.మీ., గ్యాప్ 3 మి.మీ. గ్యాప్ ఒకవైపు మూసుకుపోయి ఉంటే రూట్ మొదలుపెట్టను, ట్యాక్ కోసి మళ్ళీ కట్టిస్తాను.

పైపు 1 అంగుళం నుంచి 24 అంగుళాల దాకా చేశాను. కార్బన్ స్టీలుకు రూట్ ఈఆర్ 70ఎస్-6 వైరుతో, ఫిల్లింగ్, క్యాపింగ్ ఇ 7018 రాడ్‌తో. 304ఎల్ స్టెయిన్‌లెస్‌కు 308ఎల్, 316ఎల్‌కు 316ఎల్ వైరు. స్టెయిన్‌లెస్‌ను కార్బన్ స్టీలుతో కలపాలంటే 309ఎల్.

అల్యూమినియం, టైటానియం చేయలేదు. మిగ్ స్ట్రక్చర్ పనికే వాడాను, పైపు మీద కాదు.

క్వాలిఫికేషన్

ఏఎస్‌ఎంఈ సెక్షన్ 9 ప్రకారం 6జిలో రెండు టెస్టులు పాసయ్యాను.

మొదటిది 6 అంగుళాల షెడ్యూల్ 160 పైపు, మందం 18.26 మి.మీ. టిగ్‌తో 5 మి.మీ., మిగతా 13 మి.మీ.కు పైగా 7018తో. అంటే టిగ్ డిపాజిట్ 10 మి.మీ. వరకు చెల్లుతుంది, ఆర్క్‌కు మందం పరిమితి లేదు.

రెండోది 2 అంగుళాల షెడ్యూల్ 80, 5.54 మి.మీ., పూర్తిగా టిగ్. దీంతో బయటి వ్యాసం 25 మి.మీ. నుంచి పైన, 11 మి.మీ. డిపాజిట్ దాకా చేయవచ్చు.

6 నెలలు ఒక ప్రాసెస్ చేయకపోతే దాని అర్హత పోతుంది కాబట్టి, రెండు ప్రాసెస్‌ల కంటిన్యుయిటీ రికార్డూ సూపర్‌వైజర్ సంతకాలతో నా దగ్గరుంది.

చివరి సైటులో నా జాయింట్లు 412 ఎక్స్‌రేకి వెళ్తే 9 రిపేర్ వచ్చాయి. వాటిలో 6 ఒకే చోట: పైపు అడుగున, 6 గంటల స్థానంలో, ఆగి మళ్ళీ మొదలెట్టిన దగ్గర. అక్కడ వేడి ఎక్కువైతే రూట్ లోపలికి గుంటపడుతుంది. ఇప్పుడు అడుగున కరెంటు కాస్త తగ్గించి, ఆపిన కొసను గ్రైండర్‌తో పల్చగా చేశాకే తిరిగి అంటిస్తున్నాను.

సామాను

ఇన్వర్టర్ మెషీన్లు, గాలితో చల్లబడే టిగ్ టార్చ్, 2.4 మి.మీ. టంగ్‌స్టన్, గ్యాస్ లెన్స్ కప్పు. రూట్‌కు సాధారణంగా 90 నుంచి 120 ఆంప్స్, ఆర్గాన్ నిమిషానికి 8 నుంచి 12 లీటర్లు. టార్చ్ కోసం గాలి ఆపడానికి టార్పాలిన్ కట్టుకుంటాను. గాలి తగిలిన జాయింటు పోరోసిటీతోనే వస్తుంది.

స్టెయిన్‌లెస్‌కు పర్జింగ్ డ్యామ్‌లు కట్టడం, ఆక్సిజన్ మీటరుతో చూడటం వచ్చు. పర్జ్ సరిగా లేకపోతే రూట్ లోపలివైపు నల్లగా, చక్కెర పలుకుల్లా తయారవుతుంది. దాన్ని పైనుంచి చూసి పట్టుకోలేం. అందుకే హాట్ పాస్ అయ్యేదాకా పర్జ్ ఆపను. పాసుల మధ్య వేడి 150 డిగ్రీలు దాటకుండా చూస్తాను.

7018 రాడ్లు ఓవెన్ నుంచి వేడి క్వివర్‌లోకే, చేతికి కొన్నే. తేమ పట్టిన రాడ్‌తో హైడ్రోజన్ చేరి, వెల్డ్ చల్లారాక పగులు రావచ్చు.

సేఫ్టీ ట్రైనింగ్

హాట్ వర్క్ పర్మిట్, ఫైర్ వాచ్, కన్‌ఫైన్డ్ స్పేస్ ఎంట్రీ, ఎత్తులో పని, ఫస్ట్ ఎయిడ్ ట్రైనింగుల సర్టిఫికెట్లు ఉన్నాయి. పని ముందు 11 మీటర్ల లోపు మండే సామాను తీయిస్తాను, తీయలేనిదాన్ని ఫైర్ బ్లాంకెట్‌తో కప్పుతాను. పని ఆగాక ఫైర్ వాచ్ కనీసం 30 నిమిషాలు, పర్మిట్ 60 అంటే 60. ఎత్తులో డబుల్ లాన్యార్డ్, ఒక హుక్ ఎప్పుడూ కట్టే ఉంటుంది.

వెసెల్ లోపల ఆర్గాన్ విషయంలో రాజీ పడను. అది గాలికంటే బరువు, వాసన ఉండదు, అడుగున నిలిచిపోతుంది. గ్యాస్ టెస్టులో ఆక్సిజన్ 19.5 శాతం కంటే తక్కువుంటే లోపలికి దిగను. బయట మనిషి లేకపోయినా అంతే. బ్రేకుకు వచ్చేటప్పుడు టార్చ్, పర్జ్ లైన్లు బయటికి తీస్తాను.

స్టెయిన్‌లెస్ వెల్డింగ్, గ్రైండింగ్‌కు రెస్పిరేటర్ కావాలి, ఆ పొగలో క్రోమియం ఉంటుంది. అది కంపెనీ ఇవ్వాలని ముందే అడుగుతున్నాను.

టెస్టు

ఎక్కడ పెట్టినా వస్తాను. పైపు సైజు, షెడ్యూల్, మెటల్, వైరు ఏమిటో ఒక రోజు ముందు చెబితే చాలు. మీ డబ్ల్యుపీఎస్ చదివి దాని ప్రకారమే చేస్తాను.