రిస్క్ రిజిస్టర్: మలక్‌పేట ఆసుపత్రి, 40 పడకలు (మొదటి కూర్పు, జూన్ 2025)

అన్ని విభాగాల ఇన్‌ఛార్జులకు,

మే నెలలో మూడు మంగళవారాలు కూర్చుని రాసుకున్న రిజిస్టర్ ఇది. ఇంతకుముందు మన దగ్గర ఉన్నది ఎన్‌ఏబీహెచ్ దరఖాస్తు కోసం ఎక్కడి నుంచో తెచ్చి పేరు మార్చిన ఫైలు. అందులో మనకు లేని ఎంఆర్‌ఐ గది గురించి రెండు పేజీలున్నాయి, మనకున్న సెల్లార్ గురించి ఒక్క ముక్క లేదు. ఈసారి ఇన్సిడెంట్ రిజిస్టర్, జనరేటర్ లాగ్ బుక్, ఆక్సిజన్ ఇండెంట్లు, నైట్ సూపర్‌వైజర్ల డైరీలు ముందు పెట్టుకుని మార్కులు వేశాం.

మార్కులు వేసిన తీరు

జరిగే అవకాశం: నెలకోసారైనా జరిగేది 5, ఏడాదికి రెండు మూడు సార్లు 4, ఏడాదికోసారి 3, ఐదేళ్లకోసారి 2, అంతకన్నా అరుదు 1.

ప్రభావం: ప్రాణం పోవడం 5, రోగికి శాశ్వత హాని గానీ ఐసీయూ, ఓటీ ఒక రోజు ఆగడం గానీ 4, చికిత్స అవసరమయ్యే హాని 3, ఆలస్యం, ఇబ్బంది 2, ఉత్త చిరాకు 1.

రెండూ గుణిస్తే స్కోరు. 15, ఆపైన ఎరుపు. 8 నుంచి 14 పసుపు. మిగతాది ఆకుపచ్చ.

ఈ లెక్కలో ఒక లొసుగు ఉంది. లిఫ్ట్ ఆగడానికీ 10 వచ్చింది, సెల్లార్‌లో మంటలకూ 10 వచ్చింది. "రెండూ ఒకటేనా?" అని మత్తు డాక్టర్ గారు అడిగితే ఎవరి దగ్గరా జవాబు లేదు. అందుకే ప్రభావం 5 ఉన్న ప్రతిదీ, స్కోరుతో పనిలేకుండా, నేరుగా ఎండీ గారి టేబుల్ మీదికి వెళ్తుంది.

| నం. | రిస్క్ | అవకాశం | ప్రభావం | స్కోరు | బాధ్యులు | గడువు | పని తర్వాత |
|---|---|---|---|---|---|---|---|
| 1 | కరెంటు పోయి జనరేటర్ అందుకోకపోవడం | 3 | 5 | 15 | మెయింటెనెన్స్ సూపర్‌వైజర్ | సెప్టెంబరు 30 | 5 |
| 2 | వానకు సెల్లార్‌లోకి నీళ్లు | 4 | 4 | 16 | అడ్మిన్ మేనేజర్ | జూన్ 20 | 8 |
| 3 | సెల్లార్‌లో మంటలు, పొగ | 2 | 5 | 10 | అడ్మిన్ మేనేజర్ | జూన్ 28 | 5 |
| 4 | ఆక్సిజన్ అయిపోవడం | 2 | 5 | 10 | బయోమెడికల్ ఇంజినీర్ | జూన్ 25 | 5 |
| 5 | ఒక మందు బదులు ఇంకొకటి ఎక్కించడం | 3 | 5 | 15 | ఫార్మసీ ఇన్‌ఛార్జ్ | జూన్ 15 | 10 |
| 6 | రాన్సమ్‌వేర్‌తో కంప్యూటర్లు ఆగడం | 3 | 4 | 12 | బిల్లింగ్ ఇన్‌ఛార్జ్ | జులై 31 | 6 |
| 7 | రాత్రి సిస్టర్లు చాలకపోవడం | 4 | 4 | 16 | నర్సింగ్ సూపరింటెండెంట్ | ఆగస్టు 31 | 12 |
| 8 | స్టాఫ్‌కు సూది గుచ్చుకోవడం | 5 | 3 | 15 | ఇన్ఫెక్షన్ కంట్రోల్ సిస్టర్ | జూన్ 15 | 9 |
| 9 | అటెండెంట్లు స్టాఫ్‌పై చెయ్యి చేసుకోవడం | 3 | 4 | 12 | మెడికల్ సూపరింటెండెంట్ | జులై 10 | 8 |
| 10 | బయోమెడికల్ వ్యర్థాలు 48 గంటలు దాటి నిలవ ఉండటం | 3 | 2 | 6 | హౌస్‌కీపింగ్ ఇన్‌ఛార్జ్ | జూన్ 30 | 2 |
| 11 | లిఫ్ట్ ఆగడం | 5 | 2 | 10 | మెయింటెనెన్స్ సూపర్‌వైజర్ | జులై 31 | 6 |

బాధ్యుల గడిలో "టీమ్", "కమిటీ", "అందరూ" అని రాసినవన్నీ కొట్టేశాం. ఒక్కో రిస్క్‌కు ఒక్కరే. వారు సెలవులో ఉంటే ఎవరు చూస్తారో వారే చెప్పి వెళ్లాలి.

1, 2, 3: సెల్లార్

మొదట ఈ మూడింటికీ ముగ్గురు బాధ్యులను రాసుకున్నాం. మూడో మంగళవారం కిందికి దిగి చూశాకగానీ అర్థం కాలేదు, మూడూ ఒకే చోట ఉన్నాయని. జనరేటర్ ప్యానెల్ సెల్లార్ నేల మీద ఉంది. నాలుగడుగుల దూరంలో పాత కేస్ షీట్ల అట్టపెట్టెలు, వాటి పక్కనే దూది, స్పిరిట్ ఉన్న స్టోరు. ఎదురుగా ఎక్స్‌టెన్షన్ బోర్డు పెట్టి మనవాళ్లే రెండు ఎలక్ట్రిక్ స్కూటర్లు చార్జింగ్ చేసుకుంటున్నారు.

నిరుడు వానాకాలంలో రెండుసార్లు చీలమండల దాకా నీళ్లొచ్చాయి. మూసీ మనకు దగ్గర. 2020 అక్టోబరు వానలు ఈ చుట్టుపక్కల ఎవరూ మర్చిపోలేదు. కరెంటు పోయేది కూడా ఎక్కువగా గట్టి వాన రోజే. అంటే జనరేటర్ కావాల్సిన రాత్రే దాని ప్యానెల్ నీళ్లలో ఉంటుంది. మిగతా రిస్కులు ఒకదానితో ఒకటి సంబంధం లేకుండా రావచ్చు, ఇవి మాత్రం జంటగానే వస్తాయి. కాబట్టి 15, 16 అని విడివిడిగా వేసిన మార్కులు అసలు ప్రమాదాన్ని తక్కువ చేసి చూపిస్తున్నాయని నా అభిప్రాయం.

పొగ సంగతి: 2022 సెప్టెంబరులో సికింద్రాబాద్‌లో కింద ఎలక్ట్రిక్ బైకుల షోరూమ్‌లో మంటలు లేస్తే, పొగ పైనున్న లాడ్జిలోకి ఎక్కి 8 మంది చనిపోయారు. వాళ్లు నడవగలిగినవాళ్లు. మన ఐసీయూలో ఆరుగురు నడవలేరు.

పనులు: చార్జింగ్ ఈ రోజు నుంచే బంద్. జూన్ 20 లోపు ర్యాంపు దగ్గర గట్టు, రెండో పంపు, ప్యానెల్ కింద రెండడుగుల దిమ్మె. జూన్ 28 లోపు స్టోరు, కేస్ షీట్లు మూడో అంతస్తుకు. ప్యానెల్‌ను గ్రౌండ్ ఫ్లోర్‌కు మార్చడానికి ఎండీ గారు ఒప్పుకున్నారు, అది సెప్టెంబరు 30కి. అప్పటిదాకా ప్రతి శనివారం జనరేటర్‌ను ఉత్తినే తిప్పడం కాదు, అసలు లోడ్ మీద 30 నిమిషాలు నడపాలి. నిరుడు ఐసీయూకు 7 నిమిషాలు కరెంటు లేనప్పుడు వెంటిలేటర్లు బ్యాటరీ మీద నడిచాయి కాబట్టి బతికిపోయాం. దానికి ముందు శనివారం లాగ్ బుక్‌లో "ఓకే" అనే ఉంది.

4: ఆక్సిజన్

మ్యానిఫోల్డ్‌కు ఒక్కో వైపు 8 పెద్ద సిలిండర్లు. ఒక్కోదానిలో సుమారు 7,000 లీటర్లు, మొత్తం 56,000. ఐసీయూలో ఆరుగురికి నిమిషానికి 15 లీటర్లు, వార్డుల్లో పదిమందికి 4 లీటర్లు పెడితే నిమిషానికి 130, గంటకు 7,800. ఒక వైపు ఏడు గంటల్లో ఖాళీ. మామూలు రోజు బండి గంటన్నరలో వస్తుంది, వాన రోజు నాలుగు గంటలు పట్టిన ఇండెంట్ ఉంది. కాబట్టి ఒక వైపు అయిపోయి రెండో వైపు తిప్పిన నిమిషంలోనే ఆర్డర్ పెట్టాలి. "పొద్దున చెబుదాం" అనడానికి లేదు.

5: మందులు

నిరుడు పొటాషియం క్లోరైడ్ ఆంపూల్‌ను వేరే మందు అనుకుని సిరంజిలోకి తీశారు. ఎక్కించేలోపు రెండో సిస్టర్ చూసి ఆపింది. ఆ రోజు ఆమె లేకపోతే ఏమయ్యేదో అన్న లెక్కనే ప్రభావం 5 వేశాం. ఆ సంఘటన రాసినందుకు ఆ సిస్టర్లను ఎవరూ ఒక్క మాట అనకూడదు, అంటే రేపటి నుంచి ఎవరూ రాయరు. గాఢ పొటాషియం ఇక వార్డుల్లో ఉండదు. ఐసీయూలో తాళం ఉన్న పెట్టెలో, ఎర్ర స్టిక్కర్‌తో, ఇద్దరి సంతకంతోనే బయటికి.

6: కంప్యూటర్లు

2022 నవంబరులో రాన్సమ్‌వేర్ దాడి జరిగి ఢిల్లీ ఎయిమ్స్ అంతటి చోటే రోజుల తరబడి కాగితం మీద పని నడిచింది. మన బ్యాకప్ డ్రైవ్ రాత్రీపగలూ అదే కంప్యూటర్‌కు గుచ్చి ఉంటుంది, దాడి జరిగితే అదీ పోతుంది. ఇకపై రెండు డ్రైవ్‌లను వారం వారం మార్చుకుంటూ, ఒకటి ఎప్పుడూ బయట బీరువాలో. నెలకోసారి దాన్నుంచి డేటా తిరిగి తెరిచి చూడాలి. దాడి తెలిసిన 6 గంటల్లో కేంద్రం సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్‌కు తెలియజేయాలి.

7, 8 మరికొన్ని

రాత్రి ఇద్దరు సిస్టర్లు రెండు వార్డులు చూస్తున్నారు. కొత్తగా ముగ్గురిని తీసుకున్నా స్కోరు 12 దగ్గరే ఆగింది. చేరినవాళ్లు ఏడాది తిరక్కుండా పెద్ద ఆసుపత్రులకు వెళ్లిపోతున్నారు. దీన్ని తక్కువ చేసి రాయడం నాకు ఇష్టం లేదు, 12 గానే ఉంచాం.

సూది గుచ్చుకుంటే హెచ్‌ఐవీ నివారణ మందు వీలైతే రెండు గంటల్లో, ఎట్టి పరిస్థితుల్లోనూ 72 గంటలు దాటకుండా మొదలుకావాలి. మొదటి డోసు క్యాజువాలిటీలోనే ఉంటుంది, తాళం చెవి డ్యూటీ డాక్టర్ దగ్గర. అటెండెంట్ల గొడవలకు: ఐసీయూ రోగి పరిస్థితి రోజుకు రెండుసార్లు డాక్టరే బయటికి వచ్చి చెప్పాలి, సెక్యూరిటీ ఒక్కరు కాదు ఇద్దరు. లిఫ్ట్‌కు నిర్వహణ ఒప్పందం రాసుకుంటున్నాం, అంతకుమించి ఖర్చు పెట్టం.

పని పూర్తయిందని నోటిమాట చాలదు. ఫొటో, బిల్లు లేదా లాగ్ పేజీ జత చేస్తేనే స్కోరు మారుస్తాను.

తర్వాతి సమీక్ష జులై 1, మంగళవారం మధ్యాహ్నం 3 గంటలకు, సెల్లార్‌లోనే. పన్నెండు కుర్చీలు వేయమని చెప్పాను. పట్టకపోతే స్టోరు ఇంకా పైకి వెళ్లలేదన్నమాట.

క్వాలిటీ కోఆర్డినేటర్