ఎక్సెల్ ఫార్ములాల శిక్షణ: రెండు గంటల ప్రణాళిక

ఎప్పుడు: మార్కెట్ సెలవు రోజు, ఉదయం 10:30 నుంచి 12:30
ఎక్కడ: ఎనుమాముల మార్కెట్ దగ్గరి మన అడ్తి ఆఫీసు, పై గది
ఎవరికి: బిల్లింగ్, క్యాష్, గోదాం లెక్కలు చూసే ఎనిమిది మంది. ఇద్దరికో కంప్యూటర్.

బోర్డు మీద పాఠాలు వద్దు. పోయిన సీజన్ తక్‌పట్టీల్లోంచి నలభై తీసి, రైతుల ఫోన్, బ్యాంకు నంబర్లు చెరిపేసిన కాపీ మీదే పని. ఒకరు కాగితం చదవాలి, ఒకరు టైప్ చేయాలి. టీ తర్వాత చోట్లు మారాలి, లేకుంటే పని వచ్చినవాళ్లే చేస్తూ పోతారు.

10:30. మొదటి తక్‌పట్టీ: 1,240 కిలోలు, క్వింటాల్ ధర 7,200. ముందు కాల్‌క్యులేటర్‌లో 89,280 రాబట్టి, తర్వాత F2లో:

```
=D2/100*E2
```

రెండూ కలిశాకే కిందికి లాగాలి.

10:50. హమాలీ. బస్తాల సంఖ్య H కాలమ్‌లో, ఒక్కో బస్తా రేటు L1లో. మొదట =H2*L1 అనే రాయించండి. కిందికి లాగితే మూడో వరుసలో L1 కాస్తా L2 అవుతుంది, అది ఖాళీ, హమాలీ సున్నా. ఎందుకైందో వాళ్లనే వెతకనివ్వండి, తొందరపడి చెప్పొద్దు. ఆ తర్వాతే డాలర్ గుర్తు:

```
=H2*$L$1
```

F4 నొక్కితే అదే పడుతుంది. కొన్ని ల్యాప్‌టాప్‌లలో Fn కూడా కలిపి నొక్కాలి. ఇప్పుడు L1లో రేటు మార్చి, మొత్తం కాలమ్ ఎలా మారుతుందో చూపించండి. ఈ రోజు నేర్పేవాటిలో నా దృష్టిలో ఇదే ముఖ్యం. దీనికోసం టీ పది నిమిషాలు వెనక్కి జరిగినా ఫర్వాలేదు.

11:20. టీ.

11:30. ఖరీదుదారు వారీగా మొత్తం కొనుగోలు. పేరు L3లో:

```
=SUMIFS(F:F,C:C,L3)
```

ఇక్కడ కావాలనే రెండు తప్పులు పెట్టాను. ఒక పేరు చివర స్పేస్ ఉంది, ఆ బిల్లు మొత్తంలోకి రాదు. ఇంకో వరుసలో బరువు దగ్గర "850 కిలోలు" అని ఉంది, F కాలమ్‌లో #VALUE! కనిపిస్తుంది. గడిలో అంకె మాత్రమే ఉండాలి, కిలోలు అన్న మాట పైన హెడింగ్‌లో రాస్తే చాలు. మన బిల్లింగ్‌లో రోజూ జరిగేది ఇదే కాబట్టి ఎవరినీ వేలెత్తి చూపొద్దు.

11:55. రైతు కోడ్‌తో ఊరి పేరు:

```
=VLOOKUP(B2,Raitulu!$A:$C,3,FALSE)
```

FALSE మరిచిపోతే వేరే ఊరు రావచ్చు, అదీ అనుమానం రాకుండా. టైం చాలకపోతే దీన్ని ఇంకో రోజుకు వదిలేయండి.

12:10. ఎవరి పని వాళ్లది. గోదాం వాళ్లు బస్తాల నిల్వ, క్యాష్ వాళ్లు రావాల్సిన బాకీలు. నేర్పేవాళ్లు మౌస్ ముట్టుకోవద్దు, నోటితోనే చెప్పాలి.

సోమవారం బాకీల జాబితా ఈ షీట్ నుంచే తీస్తాం. ఆ వారం చేతిరాత పద్దు కూడా పక్కన నడుస్తుంది, తేడా వస్తే పద్దునే నమ్మి షీట్ సరిచేస్తాం.